నీళ్లలో పెన్సిల్ ఎటు వంగుతుంది? ఒక కాంతి పాఠం తయారైన తీరు

పోయిన ఏడాది యూనిట్ టెస్టులో, నీళ్లలో ఏటవాలుగా పెట్టిన పెన్సిల్ పైనుంచి చూస్తే ఎలా కనిపిస్తుందో బొమ్మ గీయమని అడిగాను. దాదాపు అందరి పేపర్లలోనూ పెన్సిల్ నీటిమట్టం దగ్గర విరిగే ఉంది. కాకపోతే సగం మంది నీళ్లలోని ముక్కని కిందికి దించి, నిలువుకు దగ్గరగా గీశారు. మిగతా సగం పైకి లేపి గీశారు. నేను రెండు రకాలకీ మార్కులు వేసేశాను. పేపర్లు కట్ట కట్టాక అనుమానం వచ్చింది. రెండూ ఎలా ఒప్పవుతాయి? ఒక పిల్ల నోట్సు తీసి చూస్తే, నేను బోర్డు మీద గీసింది కిందికి దించిన బొమ్మే. ఆ రాత్రి వంటింట్లో గిన్నెలో నీళ్లు పోసి పెన్సిల్ పెట్టి చూశాను. అది పైకి లేచి కనిపించింది. అంటే ఇన్నేళ్లుగా నేను తప్పు బొమ్మ గీస్తున్నాను, ఆ తప్పుని శ్రద్ధగా కాపీ చేసుకున్న పిల్లలే ఎక్కువ నష్టపోయారు.

ఈ ఏడాది ఎనిమిదో తరగతికి పరావర్తనం, వక్రీభవనం రెండూ కలిపి రెండు పీరియడ్ల పాఠంగా చేద్దామనుకున్నాను. సామాను అద్దాలు, నీళ్లు, పెన్సిల్, అంతే. పద్ధతి కూడా ఒకటే: ఏది చూపించినా, ముందు ఏం కనిపిస్తుందో పిల్లలు రాయాలి, ఆ తర్వాతే చూడాలి. ముందు చూపిస్తే "అవును, అలాగే ఉంటుందనుకున్నా" అంటారు. ఆ మాట అబద్ధమని కూడా వాళ్లకి తెలియదు.

మొదటి ప్రణాళికలో ఏడు ప్రశ్నలు రాసుకున్నాను. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌కి ఏడు. ఆదివారం పూట ఇంట్లో ఒక్కొక్కటీ నిజంగా చేసి చూడటం మొదలుపెడితే సాయంత్రానికి మూడే మిగిలాయి. ఆ ఆదివారం సంగతే ముందు చెప్పాలి.

మొదట గాజు గ్లాసు తీసుకున్నాను. నిండా నీళ్లు పోసి, పెన్సిల్‌ని సరిగ్గా మధ్యలో నిలువుగా పట్టుకుని పక్కనుంచి చూశాను. విరగలేదు. నీళ్లలో ఉన్న భాగం లావైంది, అంతే. పెన్సిల్‌ని ఎడమవైపుకి జరిపాను. నీళ్లలోని ముక్క ఇంకా ఎడమకి గెంతింది. కుడికి జరిపితే ఇంకా కుడికి గెంతింది. దీంట్లో పైకి లేవడం, కిందికి దిగడం అనే మాటే లేదు. గుండ్రటి గ్లాసులో నీళ్లు భూతద్దంలా పనిచేస్తాయి. నీటి వక్రీభవన గుణకం 1.33 కాబట్టి మధ్యలో ఉన్న వస్తువు అడ్డంగా సుమారు మూడో వంతు పెద్దదిగా కనిపిస్తుంది. మధ్య నుంచి 2 సెంటీమీటర్లు పక్కకి జరిపితే, ఉన్నచోటు కంటే ఇంకో 6 మిల్లీమీటర్లు పక్కన కనిపిస్తుంది. పెన్సిల్ మందం దాదాపు అంతే, 7 మిల్లీమీటర్లు. అందుకే ఆ రెండు ముక్కలకీ సంబంధమే లేనట్టు అంత బాగా తెగిపోయి కనిపిస్తాయి.

చూడటానికి ఇదే అన్నిటికన్నా అందంగా ఉంది. కానీ దీన్ని చూపించి, బోర్డు మీద నీటి పైతలం దగ్గర కిరణం వంగే బొమ్మ గీస్తే పిల్లలకి రెండు వేర్వేరు సంగతులు కలగాపులగం అవుతాయి. గ్లాసు పక్కనుంచి చూస్తే కాంతి వంగేది గుండ్రటి గోడ దగ్గర, పైనుంచి చూస్తే వంగేది నీటిమట్టం దగ్గర. నేను ఇన్నేళ్లూ గ్లాసుని పక్కనుంచి చూపించి, పైనుంచి చూసే బొమ్మ వివరించాను.

"పెన్సిల్‌తో ఇంకెంతసేపు ఆడతావే, పప్పు మాడుతోంది" అని అత్తయ్య అరిచేదాకా స్టవ్ సంగతి గుర్తులేదు.

గ్లాసు వదిలేసి పచ్చళ్లు పోసుకునే పలకల ప్లాస్టిక్ డబ్బా తీసుకున్నాను. పారదర్శకం, గోడలు చదునుగా ఉన్నాయి. 8 సెంటీమీటర్ల లోతు నీళ్లు పోసి పెన్సిల్‌ని ఏటవాలుగా ఆనించాను. చదును గోడకి ఎదురుగా తిన్నగా చూస్తే పెన్సిల్ దాదాపు విరగలేదు. పైనుంచి చూస్తే మాత్రం నీళ్లలోని భాగం పైకి లేచింది. ఒకే డబ్బా, ఒకే పెన్సిల్, రెండు జవాబులు. అప్పుడు తెలిసింది నా ప్రశ్నలో లోపం ఏమిటో. "నీళ్లలో పెన్సిల్ ఎలా కనిపిస్తుంది?" అని అడిగితే జవాబు లేదు, ఎక్కణ్నించి చూస్తున్నామో చెప్పాలి. ఆ తర్వాత ప్రతి ప్రశ్నలోనూ ఒక కన్ను బొమ్మ గీసి పెట్టాను.

అద్దం ప్రశ్న కూడా ఇంట్లోనే ఒకసారి తిరగబడింది. ప్రశ్న ఇది: గోడకున్న 30 సెంటీమీటర్ల అద్దం ముందు నిలబడ్డావు. అద్దం పై అంచు నీ కంటికి సమానంగా ఉంది. నీ ఒంట్లో ఎంతవరకు కనిపిస్తుంది? ఒక మీటరు వెనక్కి జరిగితే ఇంకా ఎక్కువ కనిపిస్తుందా, తక్కువా, అంతేనా? సరైన జవాబు, అంతే. కంటి నుంచి 60 సెంటీమీటర్ల కింది వరకు, ఎంత వెనక్కి వెళ్లినా అదే. ఎందుకంటే ప్రతిబింబం కూడా అంతే దూరం వెనక్కి పోతుంది, అద్దం ఎప్పుడూ సరిగ్గా సగం దారిలో ఉంటుంది. ఇది నాకు బాగా తెలుసు. కానీ హాల్లో అద్దం ముందు నిలబడి వెనక్కి జరిగితే అంతకుముందు కనిపించని కింది భాగం కూడా కనిపించడం మొదలైంది!

పది నిమిషాలు పట్టింది కారణం దొరకడానికి. మన ఇళ్లలో అద్దం మేకుకి దారంతో వేలాడుతుంది కదా, పై అంచు గోడకి దూరంగా ముందుకు వాలి ఉంటుంది. దారానికి ఒక రాయి కట్టి అద్దం పక్కన వేలాడదీసి చూస్తే, పై అంచు కింది అంచు కంటే ఒకటిన్నర సెంటీమీటర్లు ముందుకు వచ్చింది. 30 సెంటీమీటర్ల ఎత్తుకి అది సుమారు మూడు డిగ్రీల వాలు. అంత చిన్న వాలుకే, ఒక మీటరు వెనక్కి వెళ్తే ఒంట్లో ఇంకో పది సెంటీమీటర్లు కింది భాగం కనిపిస్తుంది. అటు పైనుంచి అంతే భాగం తెగిపోతుంది, కానీ కింది వైపే చూస్తుంటే అది ఎవరూ గమనించరు. ఇలాంటి అద్దాన్ని క్లాసులో పెడితే "వెనక్కి వెళ్తే ఎక్కువ కనిపిస్తుంది" అన్న పిల్లలందరూ గెలిచేవాళ్లు. బడిలో అద్దాన్ని వేలాడదీయకుండా, వెనక చదునైన చెక్క పెట్టి గోడకి నాలుగు మూలలా టేపు వేసి అంటించాను. రాయి కట్టిన దారాన్ని కూడా పిల్లల ఎదురుగానే వేలాడదీసి చూపించాను.

మూడోది పరావర్తన కోణం. తెల్లకాగితం మీద ఒక గీత, దాని మీద చిన్న అద్దం ముక్క నిలబెట్టాలి. ఫొటో ఫ్రేములు కట్టే కొట్లో అరచేయంత ముక్కలు కోయించి, అంచులు గరుకు కాగితంతో రుద్ది, చుట్టూ టేపు చుట్టాను. నిలబెట్టడానికి వెనక చెక్కముక్క కట్టాను. గీత మీద O అనే చుక్క, అక్కడ లంబం, లంబానికి 40 డిగ్రీల్లో O వరకు ఒక పెన్సిల్ గీత. అద్దంలో ఆ గీత ప్రతిబింబం కనిపిస్తుంది. కన్ను కాగితం మట్టానికి దించి, ఆ ప్రతిబింబంతో ఒకే వరుసలో ఉండేట్టు స్కేలు పెట్టి రెండో గీత గీయాలి. చీకటి గది అక్కర్లేదు, టార్చి అక్కర్లేదు. మా గదికి కిటికీ తలుపులే సరిగ్గా లేవు కాబట్టి నాకు ఇదే దిక్కు. ఇంట్లో చేసినప్పుడు కోణం 41 వచ్చింది. కానీ రెండో గీత O దగ్గర కాకుండా మూడు మిల్లీమీటర్లు పక్కన అద్దాన్ని తాకింది. చెయ్యి వణికిందనుకుని చెరిపేసి O మీదుగా మళ్లీ గీశాను. ఆ చెరిపివేత సంగతి తర్వాత చెప్తాను.

రాయించడంలోనూ కొన్ని నియమాలు పెట్టుకోవాల్సి వచ్చింది. ఇంతకు ముందు వేరే పాఠంలో ఊహలు రాయిస్తే, ప్రయోగం చూడగానే గది నిండా రబ్బర్ల చప్పుడు. అందరి జవాబులూ ఒక్క నిమిషంలో ఒప్పైపోయాయి. అందుకని ఈసారి ఊహ పెన్నుతోనే రాయాలన్నాను. మాటల్లో కాదు, నేను ఇచ్చిన సగం బొమ్మని పూర్తి చెయ్యాలి. కింద "ఎందుకంటే" అని ఒక గీత. మార్కులు లేవు, తప్పు కొట్టడం లేదు. చేతులెత్తించేది అందరూ రాశాకే, లేకపోతే ఫస్టు వచ్చే అమ్మాయి చెయ్యి ఎటుంటే క్లాసంతా అటే.

మొదటి పీరియడ్ అద్దంతో మొదలుపెట్టాను. వెనక్కి వెళ్తే ఎక్కువ కనిపిస్తుందని ముప్పాతిక మంది రాశారు. "ఎందుకంటే" దగ్గర ఒకడు రాసింది: "సెల్ఫీ దిగేటప్పుడు చెయ్యి దూరం పెడితే ఎక్కువ పడుతుంది కదా." చాలా మంచి కారణం. కెమెరాకి నిజమే, ఎందుకంటే అక్కడ దూరం పెరిగేది కెమెరాకీ మనిషికీ మధ్య మాత్రమే. ఇక్కడ మనిషితో పాటు ప్రతిబింబమూ వెనక్కి పోతోంది. ఇద్దరిద్దరు చొప్పున వచ్చారు. ఒకరు చూస్తుంటే రెండోవాళ్లు చొక్కా మీద సుద్దముక్కని కిందికి జరుపుతూ పోయారు, చూసేవాళ్లు "ఆపు" అన్నచోట గుర్తు పెట్టారు. ఒక మీటరు వెనక్కి వెళ్లి మళ్లీ చేశారు. సుద్ద గుర్తు అక్కడే. టేపుతో కొలిస్తే కంటి నుంచి 58, 61, 60. నేను వివరించకముందే ఎవరో "అద్దానికి డబుల్" అన్నారు.

ఇక్కడ నేను ఎక్కువ సమయం తీసుకున్నాను, కావాలనే. బోర్డు మీద మనిషి, అద్దం, వెనక ప్రతిబింబం గీసి, నడుము నుంచి అద్దం కింది అంచుకి, అక్కణ్నించి కంటికి గీత గీయించాను. ఆ తర్వాత అడిగాను, కాంతి అద్దం దగ్గర మలుపు తిరిగిందని కంటికి తెలుసా? తెలియదు. తిన్నగా వచ్చిందనుకుని గీతని వెనక్కి పొడిగిస్తుంది. ఆ పొడిగించిన చోట నడుము ఉన్నట్టు చూస్తుంది. నీళ్ల పాఠానికి నాకు కావలసింది ఈ ఒక్క ముక్కే. పార్శ్వ విలోమం, అంబులెన్స్ మీద తిరగేసి రాసే అక్షరాలు, అవన్నీ ఇంకో రోజుకి వదిలేశాను.

రెండో రోజు డబ్బాలు. ఆరు గుంపులు, ఆరు డబ్బాలు, ఖాళీవి. పెన్సిల్ ఏటవాలుగా పెట్టి ఉంది, పైన కన్ను ఉన్న కాగితం చేతిలో ఉంది. 8 సెంటీమీటర్ల వరకు నీళ్లు పోస్తే, నీళ్లలో మునిగిన ముక్క ఎలా కనిపిస్తుందో గీయమన్నాను. కాగితాలు పట్టుకుని తిరిగి చూస్తే మూడు రకాలు కనిపించాయి. కొందరు తిన్నగానే గీశారు, ఒకడి కారణం: "పెన్సిల్ చెక్కతో చేసింది, నీళ్లకి వంగదు." కొందరు పైకి లేపారు. చాలామంది కిందికి దించారు. ఆ దించినవాళ్లలో ఎక్కువ మంది ట్యూషన్‌కి వెళ్లేవాళ్లే. వాళ్ల "ఎందుకంటే" అన్నీ ఒకటే: "గాలి నుంచి నీటిలోకి పోతే లంబం వైపు వంగుతుంది."

వాక్యం తప్పు కాదు. వంగేది ఏమిటన్నదే తప్పు. లంబం వైపు వంగేది కిరణం. వాళ్లు పెన్సిల్‌నే కిరణం చేసేశారు. నా పాత బోర్డు బొమ్మలో జరిగిందీ అదేనని అప్పుడు స్పష్టంగా తెలిసింది. గాలిలో ఒక గీత, నీళ్లలో ఇంకో గీత, రెండింటి మధ్య వంపు. కిరణం బొమ్మా అలాగే ఉంటుంది, పెన్సిల్ బొమ్మా అలాగే ఉంటుంది. చూసేవాడికి తేడా ఎలా తెలుస్తుంది? ఊహ రాయించకపోతే ఈ గందరగోళం నా కంట పడేదే కాదు. పరీక్షలో అదే వాక్యం రాస్తే ఫుల్ మార్కులు వేసేదాన్ని.

నీళ్లు పోశారు. "పైకి లేచింది టీచర్!" అని ఒక గుంపు, "మాది కూడా" అని ఇంకో గుంపు. ఒకళ్లు మాత్రం దిగిందన్నారు. వెళ్లి చూస్తే ఆ అబ్బాయి వంగి డబ్బా పక్కనుంచి, మూల దగ్గర గోడలోంచి చూస్తున్నాడు. కాగితం మీద కన్ను బొమ్మ ఎక్కడుందో చూపిస్తే నవ్వుకుంటూ లేచాడు. తర్వాత పైనుంచి చూస్తూ, పెన్సిల్ కొన ఏ లోతులో ఉన్నట్టుందో డబ్బా బయట వేలు పెట్టి చూపించమన్నాను. వేళ్లు అడుగు నుంచి రెండు సెంటీమీటర్ల పైన ఆగాయి, కొన్ని ఇంకాస్త పైన. దాదాపు నిటారుగా పైనుంచి చూస్తే నీటి లోతు నాలుగింట మూడు వంతులే కనిపిస్తుంది, 8 సెంటీమీటర్లకి 6. ఏటవాలుగా చూసేకొద్దీ ఇంకా తక్కువ. పైగా ఇది వేళ్ల లెక్క కాబట్టి సెంటీమీటరు అటూ ఇటూ సహజం.

వివరణ బొమ్మ ఈసారి కింద నుంచి మొదలుపెట్టాను. పెన్సిల్ కొన దగ్గర చుక్క. అక్కణ్నించి కాంతి పైకి బయలుదేరింది, నీటిమట్టం దాటి గాలిలోకి వస్తూ లంబానికి దూరంగా వంగింది, కంటికి చేరింది. పాత నోట్సులో బాణాలు పైనుంచి కిందికి ఉండేవి, మనం ఏదో కంటిలోంచి కాంతి పంపుతున్నట్టు. ఇప్పుడు బాణం కొన నుంచి కంటికి. నిన్నటి ప్రశ్నే మళ్లీ అడిగాను. వంపు సంగతి కంటికి తెలుసా? "తెలియదు, తిన్నగా వెనక్కి గీసుకుంటుంది" అని క్లాసు అంది. వెనక్కి పొడిగిస్తే గీత అసలు కొనకి పైన పడింది. కిందికి దించి గీసిన అమ్మాయి ఒకతె తన పెన్ను గీత పక్కనే రెండో గీత గీసుకుని, మొదటిదాని మీద "కిరణం", రెండోదాని మీద "పెన్సిల్" అని రాసుకుంది. నేను చెప్పకుండానే.

మిగిలిన పదిహేను నిమిషాల్లో అద్దం కోణాలు. 40కి 38 నుంచి 43 వరకు వచ్చాయి. ఇద్దరు అద్దం నుంచి కొలిచి 50 అన్నారు. లంబం నుంచి కొలవాలని గుర్తు చేస్తే సర్దుకున్నారు. కానీ గీత O దగ్గర కలవడం లేదని ఒక గుంపు, తర్వాత ఇంకో గుంపు చెయ్యెత్తాయి. ఇంట్లో నేను చెరిపేసిన అదే మూడు మిల్లీమీటర్లు. "జాగ్రత్తగా గీయండి" అనబోయి ఆగాను. ఆరు గుంపులకీ ఒకే వైపు, ఒకే అంత తేడా వస్తే అది చేతివణుకు కాదు.

వెనక బెంచీ అమ్మాయి ఒకతె పెన్సిల్ మొనని అద్దానికి ఆనించి చూస్తోంది. "టీచర్, పెన్సిల్ అద్దాన్ని తాకుతోంది గానీ లోపలి పెన్సిల్‌ని తాకట్లేదు. మధ్యలో ఖాళీ ఉంది." దగ్గరికెళ్లి చూశాను. నిజమే. పట్టి చూస్తే ఇంకో మసక మొన కూడా ఉంది, అది మాత్రం అసలు మొనని తాకుతోంది. అద్దానికి పూత వెనక ఉంటుంది, ముందు 3 మిల్లీమీటర్ల గాజు ఉంటుంది. మసకది గాజు ముందు తలం నుంచి, వెలుగుగా ఉన్నది వెనక పూత నుంచి. కాంతి గాజులోకి వెళ్తూ ఒకసారి వంగి, పూత మీద పరావర్తనం చెంది, బయటికొస్తూ ఇంకోసారి వంగుతోంది. 40 డిగ్రీల్లో వెళ్లిన కాంతి గాజులో 25 డిగ్రీలకి వంగుతుంది, 3 మిల్లీమీటర్లు లోపలికి పోయి 3 మిల్లీమీటర్లు వెనక్కి వచ్చేసరికి దాదాపు 3 మిల్లీమీటర్లు పక్కకి జరిగి బయటపడుతుంది. అదే O దగ్గర కలవని గీత. కోణం మాత్రం మారదు, అందుకే 40కి 40 చుట్టూనే వచ్చింది.

పరావర్తనం ఒక రోజు, వక్రీభవనం ఒక రోజు అని విడదీసి రాసుకున్న ప్రణాళికలో రెండోది మొదటిదాని లోపలే కూర్చుని ఉంది. నేను రబ్బరుతో తుడిచేశాను. ఆ లెక్కంతా క్లాసులో చెప్పే టైం లేదు, బెల్లు కొట్టారు. ఒక్క ప్రశ్న మాత్రం ఇచ్చి పంపాను: ముందు గాజు లేని అద్దం ఉంటే, మొన ప్రతిబింబాన్ని తాకుతుందా, తాకదా? పెన్నుతో రాయండి.

మర్నాడు ఆ అమ్మాయి సంచిలోంచి మధ్యాహ్న భోజనం స్టీలు పళ్లెం తీసింది. బొమ్మ మసగ్గా, కాస్త వంకరగా ఉంది. మొన మొనకి ఆనింది.